‘ఫైనల్ అప్రూవల్’ అనే కొత్త వెట్టి



ఈసారి ఒక చెల్లెలి బిల్లు గురించి రాస్తున్నాను. బాకీ పడ్డది కార్పొరేట్ కంపెనీ కాదు. సామాజిక న్యాయం మీద శిక్షణలు ఇచ్చే ఒక సంస్థ. పేరు రాయను. ఆ సంస్థ మీటింగుల్లో మనలో చాలామంది బిర్యానీ తిన్నవాళ్ళమే.

చెల్లెలు పీజీ అయ్యాక విద్యానగర్‌లో రూమ్ తీసుకుని అనువాదాలు చేసుకుంటోంది. 2023 సెప్టెంబర్‌లో వాళ్ళు ఒక శిక్షణ మాన్యువల్ ఇచ్చారు. ఇంగ్లీషులో 24 వేల పదాలు, పదానికి రూపాయిన్నర. మొత్తం 36 వేలు, అడ్వాన్స్ 10 వేలు. రోజుకి 1,500 పదాల లెక్కన 16 రోజుల పని. అంటే రోజుకి 2,250 రూపాయలు. ఒప్పందం అంతా ఒక్క మెయిల్‌లో ఉంది. చివరి లైన్: ‘మిగతా మొత్తం ఫైనల్ అప్రూవల్ తర్వాత.’

ఆ లైన్ చదివినప్పుడు తనకేమీ అనిపించలేదంట. నాకూ అనిపించి ఉండేది కాదు.

అక్టోబర్ 6న మొత్తం పంపేసింది. నాలుగు రోజులకి ఫోన్. ‘అమ్మా, ఢిల్లీ ఆఫీసు వాళ్ళు ఇంగ్లీషులోనే కొన్ని చాప్టర్లు మార్చారు, కొంచెం చూసేయవా.’ ఆ కొంచెం 6 వేల పదాలు. తర్వాత ‘ఎలాగూ సబ్జెక్టు నీకు తెలుసు కదా’ అని మూడు వీడియోలకి సబ్‌టైటిళ్ళు. తర్వాత రివ్యూయర్ అని ఒకాయన వచ్చి ‘బాలికలు’ అన్నచోటల్లా ‘ఆడపిల్లలు’ చేయమన్నాడు. ఇంకో మేడమ్ వచ్చి మళ్ళీ ‘బాలికలు’ చేయమంది. ఆఖరున ప్రింటర్ యూనికోడ్ వద్దు, అనూ ఫాంట్ కావాలన్నాడు. తెలుగు డీటీపీ తెలిసినవాళ్ళకి ఈ మాట వింటేనే కళ్ళు తిరుగుతాయి. మార్పిడిలో వత్తులు ఎగిరిపోతాయి, ‘ఆఫీస్‌లో’ అన్నది ‘ఆఫీస్లో’ అయి కూర్చుంటుంది. పుస్తకం మొత్తం మళ్ళీ అక్షరం అక్షరం చదవాలి. అదీ తనే చదివింది.

మార్పులకి 4 రోజులు, సబ్‌టైటిళ్ళకి 5, రివ్యూయర్లకి 5, అనూ ప్రూఫుకి 6. 16 రోజుల పని 36 రోజులైంది. 2,250 కాస్తా వెయ్యికి దిగింది. అదీ వస్తే. చేతికి వచ్చిన 10 వేలని 36 రోజులకి పంచి చూడండి, రోజుకి 277 రూపాయలు. అడ్డా మీద నిలబడే మన మేస్త్రీల దగ్గర ఆ రేటు చెప్పి చూడండి, ఏమంటారో.

డబ్బులు అడిగితే: ‘ఇంకా అప్రూవల్ కాలేదమ్మా. అయినా నువ్వు మన మనిషివి, ఉద్యమం కోసం చేస్తున్నావు, అంత కమర్షియల్‌గా ఆలోచిస్తే ఎలా?’

నాకు కోపం వచ్చింది ఈ మాటకే. మా తాత దొర గడిలో వెట్టి చేసినప్పుడు కూడా ఎవరూ దాన్ని దోపిడీ అనలేదు. ‘మనోడే కదా’ అన్నారు. కూలి అడిగితే పొగరన్నారు. చట్టం దృష్టిలో ఈ పిల్ల పని వెట్టిచాకిరీ కిందకు వస్తుందని నేను అనను. ఫ్రీలాన్సర్‌కి కనీస వేతనమే లేదు, అడగడానికి లేబర్ ఆఫీసూ లేదు. కానీ మాట అదే, అడిగే గొంతూ అదే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పని పెంచడం ఒక సమస్య, డబ్బు ఆపడం ఇంకో సమస్య అనుకుంటారు. రెండూ ఒకటే. డబ్బు ‘ఫైనల్ అప్రూవల్’కి కట్టి ఉన్నప్పుడు కొత్తగా అడిగిన ప్రతి చిన్న పనీ ఆ ఫైనల్‌ని ఇంకొంచెం ముందుకి తోస్తుంది. గడియారం వాళ్ళ జేబులో ఉంది. వాళ్ళు కావాలని మోసం చేయనక్కర్లేదు, ఊరికే పనులు అడుగుతూ పోతే చాలు.

ఈ గడియారాన్ని లాక్కునే చట్టం ఒకటుంది, మనవాళ్ళకి పెద్దగా తెలియదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం. సేవలు అందించే ఒంటరి మనిషి కూడా ‘ఉద్యమ్’ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఫీజు లేదు. పని అందాక 15 రోజుల్లో అవతలివాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఫోన్‌లో ‘కొంచెం చూసేయవా’ అంటే అది రాతపూర్వక అభ్యంతరం కాదు. ఆ రోజు నుంచి, రాసుకున్న గడువు ఎంత ఉన్నా, 45 రోజులు దాటకూడదు. గడువే రాసుకోకపోతే 15 రోజులు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. అప్పటి రేటు 6.75 శాతం, మూడు రెట్లంటే 20.25. ఈ పిల్లకి రావాల్సిన 22,400 మీద ఐదు నెలలు ఆలస్యమైతే దాదాపు 1,950 రూపాయలు. ఇవ్వకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు.

కానీ చెల్లెలు నమోదు చేసుకోలేదు. పని మొదలయ్యాక చేసుకుంటే ఆ పాత పనికి ఈ రక్షణ దొరకదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఆ విషయం మీద వాదనలు సాగాయి. ఆ వాదనల్లో మీ బిల్లు ఇరికించుకోకండి, పని ఒప్పుకోకముందే నమోదు చేసుకోండి.

మరి తనకి ఏది పనికొచ్చింది? 36 వేలలో 22,400 ఎలా మిగిలిందో చూస్తే తెలుస్తుంది. ఫిబ్రవరిలో ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో తన ఫారం 26AS తెరిచి చూసింది. సంస్థ పేరు, పక్కన 36,000, టీడీఎస్ 3,600. డబ్బు ఇవ్వలేదు, కానీ డిసెంబర్‌లోనే వాళ్ళ అకౌంటెంట్ బిల్లు మొత్తం పుస్తకాల్లో ఎక్కించి, పన్ను కోసి కట్టేశాడు. ఇంకా అప్రూవల్ కాని పనికి పన్ను ఎందుకు కట్టారు సార్? కోఆర్డినేటర్‌కి కాదు, అకౌంట్స్‌కీ డైరెక్టర్‌కీ కలిపి మెయిల్ పెట్టించాను. అక్టోబర్ 6 నాటి మెయిల్, 26AS పేజీ, కట్టాల్సిన మొత్తం, పది రోజుల గడువు. ‘ఉద్యమం’ అన్న మాట అందులో ఒక్కసారి కూడా లేదు. తొమ్మిదో రోజు 22,400 పడ్డాయి. అదనంగా చేసిన 20 రోజుల పనికి పైసా రాలేదు. ఆ 6 వేల పదాలకే 9 వేలు రావాలి. దానికి తన దగ్గర కాగితం లేదు.

ఇప్పుడు తను కొత్త పని అడిగినప్పుడల్లా, ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఇలా రాస్తోంది:

‘సార్, ఇప్పుడు మీరు చెప్పిన సబ్‌టైటిళ్ళు మొదటి ఒప్పందంలో లేవు. వీటికి ఇంత అవుతుంది, ఐదు రోజులు పడుతుంది. సరేనని మెయిల్ ఇస్తే రేపు మొదలుపెడతాను. మొదటి పని నేను పంపిన తేదీ, దాని బిల్లు గడువు దీనివల్ల మారవు.’

ఆ చివరి వాక్యం మర్చిపోకండి. పని ఒప్పుకోవచ్చు, ఉచితంగా చేస్తానని కూడా రాయొచ్చు, మీ ఇష్టం. కానీ పాత గడువుని కొత్త పనికి కట్టనివ్వకండి. కొందరు క్లయింట్లు ఈ మెయిల్ చూసి పోతారు. తనకీ ఇద్దరు పోయారు. నెల అద్దె కట్టాల్సిన వారంలో ఇలాంటి మెయిల్ రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే అడ్వాన్స్ మూడోవంతు కాకుండా సగం అడుగుతోంది.

ఒక మాట నా గురించి. ఏప్రిల్ 13 రాత్రి పదింటికి మా పిల్లాడికి ఫోన్ చేసి ‘తమ్మీ, జయంతికి చిన్న పోస్టర్’ అని ఎన్నేళ్ళు అడిగానో. ఫొటో మార్చు, ఇంకో వక్త పేరు ఎక్కించు, నీలం ఇంకొంచెం ముదురు చెయ్ అని తెల్లారేదాకా. వాడూ డిజైన్ మీదే బతుకుతాడు. ఇది రాస్తూ మధ్యలో ఆపి అడిగితే, ‘అన్నా, నీ దగ్గర డబ్బులా’ అని నవ్వాడు. రేటు చెప్పమన్నాను. చాలాసేపటికి గానీ చెప్పలేదు. మూడేళ్ళ పోస్టర్లకి కలిపి ఈ నెల సగం పంపాను, మిగతా సగం వచ్చే నెల 5న.