మడతబందుల చప్పుడు

వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలొవే’ (1925) మొదటి పేజీలోనే కొత్త పాఠకులు తడబడతారు. లండన్‌లో కథానాయిక క్లారిస్సా పూలు కొనడానికి బయల్దేరుతుంది. తలుపుల మడతబందులు మనసులో మెదలగానే, పద్దెనిమిదేళ్ల వయసులో బోర్టన్ ఇంట్లో కిర్రుమని తలుపులు తెరిచిన ఉదయంలోకి వెళ్లిపోతుంది. ‘గతంలోకి పోతున్నాం’ అని రచయిత్రి హెచ్చరించదు. ఆలోచన గడియారాన్ని పట్టుకుని నడవదు, ఒక చప్పుడు చాలు దానికి. వెంటనే పీటర్ వాల్ష్ గుర్తొస్తాడు. అతనెవరో క్లారిస్సా తనకు తాను చెప్పుకోదు, మనం మాత్రం మన అమ్మను మనకు పరిచయం చేసుకుంటామా? క్లారిస్సా జ్ఞాపకాలు మనకు లేవు కనుకనే గందరగోళం. పీటర్ ఎవరన్నది తర్వాతి పేజీలు మెల్లగా చెబుతాయి.

ఇలా ఆలోచన వెంటే సాగే రాతే చైతన్య స్రవంతి; తెలుగులో దానికి నవీన్ ‘అంపశయ్య’ ఉంది. కథానాయకుడు రవి ఒక్కరోజు మనసే ఆ నవల. వెనక్కి తిప్పకుండా ఇరవై పేజీలు చదివి చూడండి.