శెట్టిగారి చీమలు

తెనాలిలో మా వీధి చివరి కిరాణా కొట్టు శెట్టిగారు తెల్లారగట్ల షట్టరు ఎత్తగానే గుప్పెడు బియ్యపు నూకలో చిటికెడు పంచదార కలిపి గడప పక్కన గోడ వారగా చల్లుతారు. అగరొత్తులు, గల్లాపెట్టెకి దణ్ణం, బోణీ అన్నీ ఆ తరవాతే.

పాల ప్యాకెట్టుకి వచ్చే సైన్సు మాస్టారికి ఇది మింగుడు పడదు. రిటైరయ్యారు గానీ ప్రశ్నలు మానలేదు.

"ఏం శెట్టిగారూ, పుణ్యానికా?"

"పుణ్యం సంగతి దేవుడెరుగు మాస్టారూ. బయట కడుపు నిండితే లోపల బెల్లం జోలికి రావు."

మాస్టారికి కావలసింది ఆ మాటే. తిండి దొరికిన చీమ తిరిగి వెళ్తూ నేలకి వాసన పూసుకుంటూ పోతుంది. ఆ వాసన పట్టుకుని వచ్చిన ప్రతి చీమా మళ్ళీ తన వంతు పూస్తుంది. అంటే శెట్టిగారు రోజూ తన కొట్టుకి తానే బాట వేయిస్తున్నారు. పైగా ఎదిగిన చీమ గట్టి పదార్థం మింగలేదు, ద్రవాలే తాగుతుంది. ఆ నూక మోసుకుపోయేది పుట్టలో ఉన్న పిల్లపురుగులకి. అవి బాగా తింటే రేపు వచ్చే దండు ఇంకా పెద్దది.

"మరి నా బెల్లానికి ఒక్క చీమ పట్టలేదే?"

మాస్టారు లోపలికెళ్ళి చూశారు. బెల్లం బిగుతు మూత డబ్బాలో ఉంది. పంచదార బస్తా బల్ల మీద, బల్ల కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో. రాత్రి కొట్టు కట్టేముందు గట్టంతా సబ్బునీళ్ళ గుడ్డతో తుడుస్తారట. సబ్బు తగిలితే వాసన బాట చెరిగిపోతుంది. బెల్లాన్ని కాపాడుతున్నది ఇవే, నూక కాదు. ఈ వాదంలో నా ఓటు మాస్టారికే.

అయితే శెట్టిగారి కొలత మాత్రం మెచ్చుకోవాలి. ఎండ గడప మీదికి వచ్చేసరికి నేల ఖాళీ అవ్వాలి. మిగిలిందంటే మర్నాడు సగమే చల్లుతారు. ముసురు పట్టిన రోజు అసలు చల్లరు. తడిసిన నూక బూజు పడుతుంది, చీమల వంతు ఎలకలు తింటాయి.

ఇంతలో మాస్టారి చూపు గల్లాపెట్టె పక్కకి పోయింది.

"గుమ్మంలో అన్నదానం, ఇక్కడ చీమల మందు చాక్‌పీసులు! ఇదేం లెక్కండీ?"

ఆ చాక్‌పీసులో ఉండేది పురుగుమందు. గీత దాటిన చీమ కాళ్ళు కొట్టుకుని చస్తుంది. చిన్నపిల్లలకి అందేచోట, తినే వస్తువుల దగ్గర గీయకూడదు కూడా.

"పోయిన వారం ఒకటి పట్టుకెళ్ళింది తమరే కదండీ," అన్నారు శెట్టిగారు.

మాస్టారు కాస్త తడబడి, "అది మా ఆవిడ తెమ్మంటే... అయినా గీత పక్కనుంచి వస్తూనే ఉన్నాయి. ఆ తుడిచే గుడ్డకి ఏ సబ్బు వాడతారు?"

"బట్టల సబ్బే. గిన్నెల్లో నీళ్ళు మాత్రం రోజూ మార్చండి. దుమ్ము తెట్టు కడితే దానిమీంచి నడిచొచ్చేస్తాయి."