అక్టోబరు 3 దాటిన మర

ఆదోని యార్డుకు కొత్త పత్తి వచ్చే రోజులు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో జిన్నింగ్ మరలు కొనే యజమానులు ధర బేరమాడతారే గానీ, బిగించే తేదీని అంతగా పట్టించుకోరు.

ఒక భాగస్వామ్య సంస్థ 40 లక్షల మర కొన్నదనుకుందాం. రొక్కపు ఖర్చులు పోగా ఏటా 10 లక్షలు మిగులుతాయి. పన్ను 30 శాతం; సెస్సును పక్కన పెడదాం. తరుగుదల లేకుంటే 3 లక్షల పన్ను పోయి చేతికి 7 లక్షలే. యంత్రాలపై సాధారణ తరుగుదల 15 శాతం, అంటే 6 లక్షలు. ఇందులో పైసా బయటికి పోదు. కానీ పన్ను 4 లక్షల మీదే పడుతుంది. 1.20 లక్షలు కట్టగా చేతికి 8.80 లక్షలు. ఆ 1.80 లక్షలే తరుగుదల కాచిన సొమ్ము.

కొన్న ఏడాదిలో మర వాడకం 180 రోజులకు తగ్గితే తరుగుదల సగమే. మామూలు సంవత్సరంలో అక్టోబరు 3 దాటాక తిప్పితే ఆదా 90 వేలకు పడిపోతుంది. బిల్లు సెప్టెంబరుదైనా సరే, మర వాడకంలోకి వచ్చిన రోజే లెక్క. మిగతా సగం పోదు. మిగిలిన 37 లక్షల విలువపై తర్వాతి ఏళ్లలో కొద్దికొద్దిగా వస్తుంది. అయితే అప్పు వాయిదాలు అంతవరకు ఆగవు.

లాభమే లేని ఏడు ఈ ఆదా అప్పటికప్పుడు చేతికి రాదు. తరుగుదల ముందుకు జరుగుతుంది. టర్నోవరుపై అంచనా పద్ధతిలో పన్ను కట్టే చిన్న యూనిట్లకు విడిగా తరుగుదల మినహాయింపే ఉండదు. మర అమ్మేవారు చూపే పన్ను ఆదా పట్టికలో ఈ మాట అరుదు.