మరచిపొమ్మంటే మానని గాయం

ఘోరమైన సంఘటన నుండి ప్రాణాలతో బయటపడిన మనిషికి ఇంటివారు తరచూ చెప్పే మాట "మరచిపో". మంచి మనసుతోనే చెబుతారు. కాని అసాధారణ మనోవిజ్ఞానం చదివే విద్యార్థి ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత, అంటే పీటీఎస్‌డీ అనే పాఠానికి వచ్చేసరికి ఈ సలహాను మరోసారి ఆలోచించవలసి వస్తుంది. జ్ఞాపకానికి ఎదురుపడకుండా తప్పించుకోవడమే ఆ జబ్బును నిలిపి ఉంచే ముఖ్య కారణం. ఈ నెల ఆ ఒక్క విషయాన్నే కాస్త లోతుగా చూద్దాము.

అర్థం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాము. సలీం 35 ఏళ్ల ఆటో డ్రైవరు. అయిదు నెలల క్రితం ఒక సాయంత్రం బైపాస్ రోడ్డుపై వెనుక నుండి లారీ గుద్దింది. సలీం భుజం ఎముక విరిగింది. ఆటోలో ఉన్న వృద్ధుడు అతని చేయి పట్టుకుని, అక్కడే కన్నుమూశాడు. భుజం అతుక్కుంది. సలీం మాత్రం ఇంతవరకు ఆటో తీయలేదు.

లారీ బ్రేకు వేసిన చప్పుడు వినపడితే చాలు, అతనికి ఆ సాయంత్రం గుర్తుకు రావడం కాదు, తానే మళ్ళీ ఆ రోడ్డు మీద ఉన్నట్లు అనిపిస్తుంది. చెమటలు పడతాయి, అదే కల వచ్చి నిద్ర చెదిరిపోతుంది. ఇది మొదటి రకం లక్షణం: జ్ఞాపకం పిలవకుండానే చొరబడటం. రెండవది తప్పించుకోవడం, సలీం బైపాస్ వైపు వెళ్ళడు, ప్రమాదం మాట ఎత్తితే లేచిపోతాడు. మూడవది ఆలోచనలు, భావాలు చెడిపోవడం. "నేను ఆ బేరం ఒప్పుకోకపోతే ఆయన బతికేవాడు" అని అతని నమ్మకం. పిల్లలు నవ్వుతున్నా అతనికి ఏమీ అనిపించదు. నాలుగవది శరీరం నిరంతరం కాపలా కాయడం: తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం, చిన్నమాటకు కోపం. ఈ నాలుగూ నెలకు మించి కొనసాగి, సంపాదనకూ సంసారానికీ అడ్డుపడితేనే పీటీఎస్‌డీ అంటారు. నెల గడువు ఊరికే పెట్టినది కాదు. ఘోరం జరిగిన తొలివారాలలో ఈ బాధలు చాలామందికి ఉంటాయి, అధికభాగానికి వాటంతటవే తగ్గుతాయి. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఈ రుగ్మతకు ఈ పేరుతో తన గ్రంథంలో స్థానం ఇచ్చింది.

మరి కొందరికే ఎందుకు తగ్గదు? ఈమాన్ బలహీనమని, పిరికివాడని, జిన్ను సోకిందని మన ఇళ్ళలో అనేస్తారు. పరిశోధనలు చూపేది వేరు. మనిషి చేతుల మీదుగా జరిగిన దౌర్జన్యం, ముఖ్యంగా అత్యాచారం, ఇతర విపత్తులకన్నా ఎక్కువగా ఈ జబ్బును మిగులుస్తుంది. స్త్రీలలో ఇది ఎక్కువ. చిన్ననాటి హింస, పూర్వపు మానసిక వ్యాధి కూడా కారణాలే. అయితే 2000లో బ్రూవిన్, ఆయన సహచరులు అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సంఘటన తర్వాత ఆసరా లేకపోవడం, ఆపైన వచ్చిపడే కష్టాలు ఈ పాత కారణాలకన్నా బలమైనవిగా తేలాయి. ఈ విషయంలో ఇంటివారి పాత్ర మేము అనుకున్నదానికన్నా పెద్దది.

సలీం ఇంట్లో ఆసరాకు కొరత లేదు. తమ్ముడు అతన్ని చుట్టుదారిలో తీసుకువెళతాడు. భార్య ఆటోను బంధువుల ఇంటికి పంపించింది. ప్రమాదం వార్త వస్తే అమ్మ టీవీ ఆపేస్తుంది. ప్రతిసారీ సలీంకు ఊరట కలుగుతుంది. ఆ ఊరటే చిక్కు. "తప్పించుకున్నాను కాబట్టి బతికాను" అని మెదడు ప్రతిసారీ పాఠం నేర్చుకుంటుంది. ఆ రోడ్డు ఇప్పుడు ప్రాణాంతకం కాదని తెలుసుకునే అవకాశమే రాదు. "నా వల్లే" అనే నమ్మకాన్ని పరీక్షించే అవకాశమూ రాదు.

ఈ ముడిని విప్పడానికే ఎడ్నా ఫోవా అనే మనోవిజ్ఞాని "ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్" అనే చికిత్సను రూపొందించారు. సాధారణంగా వారానికి ఒకటి రెండుసార్లు, గంటన్నర చొప్పున, 8 నుండి 15 సార్లు జరుగుతుంది. మొదట సలీంతో కూర్చుని ఒక జాబితా వ్రాస్తారు. భయం ఎంతో 0 నుండి 100 వరకు అతనే అంకె చెప్పాలి. ఇంటి ముందు ఆపిన ఆటోలో కూర్చోవడం 30. పగటిపూట హైవే పక్కన నిలబడటం 50. తమ్ముడు నడిపే బండిలో బైపాస్ మీద వెళ్ళడం 65. తానే పగలు నడపడం 80. సాయంత్రం ఆ చోటికే వెళ్ళడం 95. కింది మెట్టు నుండి మొదలుపెట్టి, భయం బాగా తగ్గేవరకు, సుమారు అరగంట నుండి ముప్పావుగంట వరకు అక్కడే ఉండాలి. భయం శిఖరాన ఉండగా లేచి వస్తే పాత పాఠమే మళ్ళీ గట్టిపడుతుంది.

రెండవ భాగం ఇంకా కష్టం. కళ్ళు మూసుకుని, ఆ సాయంత్రాన్ని ఇప్పుడే జరుగుతున్నట్లు, "నేను మలుపు తిప్పుతున్నాను" అంటూ వర్తమానంలో చెప్పాలి. ఒకసారి కాదు, పదే పదే. దానిని రికార్డు చేసి ఇంట్లో రోజూ వినమంటారు. తొలిసారి సలీం వృద్ధుడు చేయి పట్టుకున్న ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేశాడు. అన్నిటికన్నా వేడిగా ఉన్న ఆ ఘట్టం దగ్గరే నెమ్మదిగా ఆగమంటారు. నాలుగైదుసార్లు చెప్పాక అతనికి మరచిపోయిన వివరాలు తోచాయి: ఆటో వెనుక దీపం వెలుగుతూనే ఉంది, తాను రోడ్డు ఎడమ అంచునే ఉన్నాడు, లారీయే దారి తప్పి వచ్చింది. "నీ తప్పు లేదు" అని ఇంటివారు వందసార్లు చెప్పినా తెగనిది, తన నోటివెంట వచ్చిన ఈ వివరాలతో తెగడం మొదలైంది.

ఇందులో ఒక చిక్కు మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. చెబుతూ చెబుతూ సలీం ఆ ఘట్టం రాగానే పెదవుల కింద దుఆ చదువుతూ దృశ్యాన్ని అడ్డుకునేవాడు. దుఆ తప్పు కాదు. కాని జ్ఞాపకాన్ని చూడకుండా దానిని తెరగా వాడితే, అదీ తప్పించుకోవడమే అవుతుంది. కథనం ముగిశాక ఎంతసేపైనా చేసుకోమని చికిత్సకుడు చెబితే సలీం ఒప్పుకున్నాడు.

తొలివారాలలో కొందరికి కలలు పెరగవచ్చు. ఇంటివారు భయపడి మానిపించేది అక్కడే. మరికొన్నిచోట్ల రోగి ఏడవగానే చికిత్సకుడే ఆపేస్తాడు. ఇది చూసి ఇంట్లోవారే కూర్చోబెట్టి చెప్పించాలనుకోవడం ఇంకా పొరపాటు. ఘోరం జరిగిన వెంటనే బాధితులందరినీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పించే పద్ధతి జబ్బును ఆపలేదని, కొందరికి హానిచేసి ఉండవచ్చని తేలింది.

వివరంగా చెప్పలేనివారికి పట్రిషియా రెసిక్ రూపొందించిన పద్ధతి ఉంది. అందులో 12 విడతలలో "నా వల్లే" వంటి ఇరుక్కుపోయిన నమ్మకాలను వ్రాసి పరీక్షిస్తారు. ఫ్రాన్సిన్ షపిరో తెచ్చిన కంటి కదలికల పద్ధతి, ఈఎమ్‌డీఆర్ కూడా పనిచేస్తుంది. కంటి కదలిక నిజంగా అవసరమా అన్న వాదన మాత్రం తెగలేదు. సెర్‌ట్రాలిన్ వంటి మందులు కొందరికి ఉపయోగపడతాయి. నిద్రకోసం వాడే అల్ప్రజోలమ్ తరహా మాత్రలను ఈ జబ్బుకు సిఫారసు చేయరు. ఇంకా భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీకి ముందు కావలసింది భద్రమైన చోటు. అపాయం ఇంట్లోనే ఉండగా భయం తగ్గించడం చికిత్స కాదు. కొందరు మధ్యలోనే మానేస్తారు, కొందరికి పూర్తిగా నయం కాదు.

పదవ విడతకు సలీం ఆ సాయంత్రపు బైపాస్‌కు 95 బదులు 35 అంకె వేశాడు. భార్య ఆటోను బంధువుల ఇంటి నుండి తెప్పించింది. ఎవరిని కలవాలో తెలియనివారు ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కు, ఫోను చేసి తెలుగులో అడగవచ్చు.