కమీషన్ ప్రచార ఖర్చు కాదు

చిన్న పట్టణంలో కొత్తగా క్లినిక్ తెరిచే వైద్యుడికి ప్రచారం విషయంలో దొరికే సలహా దాదాపు ఒక్కటే. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బులో పెద్ద వాటాను చుట్టుపక్కల ఊళ్ల ఆర్‌ఎంపీలకు కమీషన్ కింద పక్కన పెట్టాలని, మిగిలినదానితో ఫేస్‌బుక్, గూగుల్ ప్రకటనలు నడపాలని, బోర్డూ కాగితాలూ ఎలాగూ ఉండేవే కనుక వాటికి ఆఖరున మిగిలిన దానితో సరిపెట్టుకోవాలని ఆ సలహా చెబుతుంది. ఆర్‌ఎంపీ అంటే వైద్య డిగ్రీ లేకుండా గ్రామాల్లో ప్రథమ చికిత్స స్థాయి వైద్యం చేసేవారికి వాడుకలో ఉన్న పేరు. ఈ సలహా వెనుక ఉన్న నమ్మకం ఏమిటంటే, పేషెంట్లను డబ్బుతో కొనుక్కోవచ్చు, కాబట్టి ఒక్కొక్కరికి ఎంత పడుతుందో చూసుకుని బడ్జెట్‌ను పంచుకుంటే చాలు. తిరువూరు వంటి ఊరిలో ఈ నమ్మకం లెక్కకూ నిలవదు, నిబంధనకూ నిలవదు.

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు రెవెన్యూ డివిజన్ కేంద్రం, నగర పంచాయతీ. ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఊరి గుండానే పోతుంది, తెలంగాణ సరిహద్దు కూతవేటు దూరం. గంపలగూడెం, ఎ.కొండూరు, విస్సన్నపేట మండలాల జనం బజారు పనికో ఆఫీసు పనికో ఇక్కడికి వస్తూనే ఉంటారు, జబ్బు పెద్దదనిపిస్తే విజయవాడకో ఖమ్మానికో వెళ్లిపోతారు. అంటే కొత్త క్లినిక్‌కు రావలసినవారిలో ఎక్కువమంది ఏదో ఒక పని మీద ఇప్పటికే ఆ రోడ్డున నడుస్తున్నారు. తొలి మూడు నెలల డబ్బు చేయవలసిన పని ఎక్కడో ఉన్నవారిని కొని తేవడం కాదు, గుమ్మం ముందు నుంచి పోతున్నవారినీ ఒకసారి వచ్చి వెళ్లినవారినీ పోగొట్టుకోకుండా చూడడం.

కమీషన్ లెక్కనే మొదట చూడాలి. జనరల్ మెడిసిన్ చదివిన ఒక వైద్యుడు బీపీ, షుగర్, జ్వరాలు ప్రధానంగా చూసే క్లినిక్ పెట్టాడని, ఫీజు 300 రూపాయలని, సగటున 700 రూపాయల రక్త పరీక్షలు రాస్తాడని ఉదాహరణకు అనుకుంటే, ఒక పేషెంటు బిల్లు 1,000 రూపాయలు అవుతుంది. పంపినవారికి అందులో 30 శాతం ఇవ్వాలంటే 300 రూపాయలు, అంటే వైద్యుడి ఫీజు మొత్తం. ల్యాబ్ రసాయనాలు, అద్దె, జీతాలు పోగా ఆ లోటును పూడ్చడానికి మిగిలిన దారి అవసరం లేని మరో పరీక్ష రాయడమే. నలభై వేల ఆపరేషన్ బిల్లులో ఈ కోతను ఇముడ్చుకోగల సర్జికల్ ఆసుపత్రి అలవాటును మందుచీటీ రాసే క్లినిక్ అరువు తెచ్చుకుంటే జరిగేది ఇదే. అంతేకాక ఆ దారిలో వచ్చిన పేషెంటు క్లినిక్‌కు చెందడు, పంపినవారికి చెందుతాడు, పక్కవారు మరో అయిదు శాతం ఎక్కువ ఇచ్చిన రోజున అటు మళ్లుతాడు. షుగర్ పేషెంటు విలువంతా నెలనెలా తిరిగి రావడంలోనే ఉంటుంది కనుక మధ్యవర్తి చేతిలో ఉన్న రాకపోక మీద అటువంటి క్లినిక్‌ను నిలబెట్టలేరు.

నిబంధన కూడా ఈ విషయంలో డొంకతిరుగుడు లేకుండా ఉంది. వైద్యుల వృత్తి ప్రవర్తనపై భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమావళి పేషెంటును పంపినందుకు గానీ సిఫారసు చేసినందుకు గానీ కమీషన్, బహుమతి ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ రెంటినీ తప్పుగా చెబుతుంది, పేషెంట్ల కోసం ఏజెంట్లను పెట్టుకోవడాన్నీ నిషేధిస్తుంది. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమాలు ప్రకటించి అదే నెలలో నిలుపుదల చేసింది కనుక 2002 నియమావళే కొనసాగింది. పెద్ద ఆసుపత్రులు సంస్థ పేరు మీద నడుస్తాయి గనుక ఈ నియమాలు తమకు వర్తించవని వాదించుకుంటాయి. ఒక్క వైద్యుడి పేరు మీద నడిచే క్లినిక్‌కు ఆ చాటు కూడా ఉండదు.

అందరూ ఇస్తుంటే ఇవ్వనివాడి కుర్చీలు మూడు నెలలు ఖాళీగా ఉంటాయన్న వాదనలో కొంత నిజం ఉంది, దాన్ని దాచనక్కరలేదు. కమీషన్ ఇచ్చే క్లినిక్ తొలి నెలలో తప్పకుండా ఎక్కువ కిటకిటలాడుతుంది. కాని ఆ గుంపు ఆరో నెలకు ఎంత మిగులుతుందన్నదే అసలు లెక్క, ఆ లెక్క సలహా ఇచ్చేవారు ఎప్పుడూ చూపించరు.

మూడు నెలలకు 60,000 రూపాయలు ఉన్నాయనుకుంటే అందులో అన్నిటికన్నా పెద్ద వాటా, సుమారు 27,000, బోర్డులకు వెళ్లాలి. పాతకాలపు సలహాలా వినిపించే ఈ మాటకు కారణం ఉంది. గోడకు అంటి రోడ్డుకు సమాంతరంగా ఉండే బోర్డు ఎదురుగా నిలబడినవారికే కనిపిస్తుంది, బస్సులోనో ఆటోలోనో రోడ్డు వెంబడి వచ్చేవారికి కనిపించేది గోడ నుంచి అడ్డంగా బయటికి పొడుచుకు వచ్చి రెండు వైపులా అక్షరాలున్న బోర్డు. అంగుళం ఎత్తున్న అక్షరం దాదాపు పది అడుగుల దూరం నుంచి సుఖంగా చదవవచ్చునని బోర్డుల తయారీలో ఒక మోటు లెక్క, కాబట్టి అరవై అడుగుల అవతల నుంచి చదవాలంటే ఆరంగుళాల అక్షరం కావాలి. తెలుగుకు ఇంగ్లిషు కొలత సరిపోదు, ఎందుకంటే 'డాక్టర్' అన్న ఒక్క మాటలోనే కింద ఒత్తూ పైన దీర్ఘమూ పొల్లూ ఉండి, అదే ఎత్తు వరుసలో అసలు అక్షరం చిన్నదైపోతుంది. డిజైన్ చేసేవారు తెరమీద చూసి బాగుందన్న బోర్డు రోడ్డు అవతలి నుంచి అలుక్కుపోయినట్టు కనిపించడానికి మూలం ఇదే. అందుకే ముద్రణకు ముందు అసలు కొలతలో ఒక్క వరుసను కాగితం మీద తీయించి రోడ్డు అవతల నిలబడి చదివి చూడడం అవసరం.

అయితే కనిపించాలన్న పేరుతో బోర్డును ఇష్టం వచ్చినంత పెంచడానికీ వీల్లేదు. అసాధారణంగా పెద్ద బోర్డు తగదనీ, దానిపై వైద్యుడి పేరు, అర్హతలు, బిరుదులు, ప్రత్యేక విభాగం, వైద్య మండలి పేరుతో సహా రిజిస్ట్రేషన్ నంబరు తప్ప మరేదీ రాయరాదనీ, మందుల షాపు మీద వైద్యుడి బోర్డు పెట్టరాదనీ అదే 2002 నియమావళి చెబుతుంది. కనుక డబ్బు సైజు మీద కాక వెలుతురు మీద పెట్టాలి. సాయంత్రం ఓపీ నడిచే వేళకు చీకటిపడితే దీపం లేని బోర్డు ఉన్నా లేనట్టే. ఫీజు బహిరంగంగా ప్రకటించడానికి నియమావళి అనుమతి ఉంది, దానిని వేళలతో పాటు గుమ్మం లోపలి చిన్న బోర్డు మీద రాయాలి. మెట్లెక్కడానికి ముందు ఖర్చెంతవుతుందోనని తటపటాయించి వెనుదిరిగే పేషెంటును ఆపేది ఆ చిన్న బోర్డే. కూడలిలో ఫ్లెక్సీ మాత్రం వద్దు, ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులోనే ప్రకటించింది.

ముద్రణకు 12,000 చాలు, కాని దాన్ని దినపత్రికల్లో మడిచి పంచే కరపత్రాలకు ఖర్చు చేయడం దండగ. క్లినిక్ తెరిచిన సంగతిని పత్రికలో ప్రకటించుకోవడానికి నియమావళి ఒప్పుకుంటుంది, అది ఒక్కసారి చేస్తే సరిపోతుంది. మిగిలిన డబ్బు పేషెంటు ఇంటికి తీసుకెళ్లే కాగితానికి పోవాలి. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలి, మళ్లీ ఏ తేదీన రావాలి, ఆ రోజు పరగడుపున రావాలా తిని రావాలా అన్నవి తెలుగులో పెద్ద అక్షరాలతో ఉన్న మందపాటి కార్డు సంచిలో నెలరోజులు నలిగినా మిగులుతుంది. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా వ్యాపించిందో జిల్లాలో అందరికీ తెలుసు. ఆ భయాన్ని వాడుకుని 'కిడ్నీ పరీక్ష' కరపత్రాలు అక్కడ పంచడం పేషెంట్లకు వలవేయడమే అవుతుంది. అదే మాట ఇప్పటికే చూపించుకున్న బీపీ పేషెంటు కార్డు మీద, డాక్టరును అడగకుండా నొప్పి బిళ్లలు వాడవద్దన్న హెచ్చరికగా ఉంటే అది వైద్యం.

రెఫరల్, అంటే ఒకరు చెప్పగా మరొకరు రావడం, దీనికి 6,000 సరిపోతుంది, అందులో కమీషన్ ఒక్క రూపాయి కూడా ఉండదు. చుట్టుపక్కల పీహెచ్‌సీల వైద్యులనూ పట్టణంలోని దంత, కంటి, ప్రసూతి వైద్యులనూ స్వయంగా కలిసి వేళలు చెప్పి రావడానికీ, వారు పంపిన ప్రతి పేషెంటుకూ ఏం చూశారో, ఏం మార్చారో అరపేజీ జాబు రాసి పంపడానికీ ఆ డబ్బు. పంపిన వైద్యుడికి తిరుగు జాబు రావడం చిన్న పట్టణాల్లో అరుదు గనుకనే అది గుర్తుంటుంది. ఆర్‌ఎంపీ పంపిన పేషెంటు విషయంలో ఆ వివరమంతా పేషెంటు చేతికే కాగితంగా ఇస్తే చాలు, దాన్ని ఎవరికి చూపించుకోవాలో అతని ఇష్టం.

ఆన్‌లైన్‌కు 3,000 మాత్రమే అన్నది చాలామందికి వింతగా తోచవచ్చు. గూగుల్ మ్యాప్‌లో క్లినిక్ పేరు, వేళలు, ఫోను నంబరు, గుమ్మం ఫోటో పెట్టడం ఉచితం, ఆ 3,000 ఫోటోలకూ తప్పులు సరిచూడడానికీ మాత్రమే. ఆరోగ్య సమస్యను బట్టి మనుషులను ఎంచి ప్రకటన చూపడాన్ని గూగుల్ నియమాలే నిషేధిస్తాయి, కాబట్టి 'షుగర్ ఉన్నవారికే చూపిస్తాం' అన్న ఏజెన్సీ మాట చెల్లదు. వ్యాసార్ధం గీసి చూపే ఫేస్‌బుక్ ప్రకటన సగం సరిహద్దు అవతల పడుతుంది, పైగా ఏజెన్సీ నివేదికలో కనిపించే 'రీచ్' అన్న అంకె ప్రకటన ఎంతమంది తెరమీద పడిందో చెబుతుంది గాని ఎందరు మెట్లెక్కారో చెప్పదు. అన్నిటికీ మించి వైద్యుడు ప్రకటనలతో పేషెంట్లను ఆకర్షించడమే నియమావళికి విరుద్ధం.

మిగిలిన 12,000 ఆరో వారం వరకూ ముట్టుకోకూడదు, ఈలోగా ఓపీ రిజిస్టరులో ప్రతి కొత్త పేషెంటునూ రెండు ప్రశ్నలు వేరువేరుగా అడిగి రాయాలి. మొదట ఎవరు చెప్పారన్నది ఒకటి, చోటు ఎలా గుర్తుపట్టారన్నది రెండోది. ఒక్క ప్రశ్నే అడిగితే పొరుగింటివారు చెప్పగా వచ్చినవారు కూడా 'బోర్డు చూసి' అనేస్తారు, లెక్క తప్పుతుంది. జూలై, ఆగస్టుల్లో తెరిచిన క్లినిక్‌లో వానాకాలపు జ్వరాల వల్ల జనం పెరుగుతారు, ఆ పెరుగుదలను ఏ ఖర్చు ఖాతాలోనూ వేయకూడదు. చూడవలసింది మొదటి నెలలో వచ్చిన బీపీ, షుగర్ పేషెంట్లలో రెండో నెల ఇచ్చిన తేదీకి ఎందరు తిరిగి వచ్చారన్నది. రెండో ప్రశ్నకు 'చాలాసేపు వెతికాం' అన్న జవాబులు ఎక్కువైతే ఆ 12,000 నగర పంచాయతీ అనుమతితో మలుపు దగ్గర బాణం గుర్తుకు వెళుతుంది, తేదీకి రానివారు ఎక్కువైతే ముందురోజు ఫోను చేసి గుర్తుచేసే మనిషి జీతానికి వెళుతుంది, రెండూ లేకపోతే బ్యాంకులోనే ఉంటుంది.