రాడ్డు మీద 1500, గోడలోంచి 975

మొన్న సంక్రాంతికి కదిరి వెళ్ళినప్పుడు మా ఇంట్లో బకెట్టు నీళ్ళ దగ్గర పెద్ద వాదన జరిగింది. మా ఊళ్ళో ఎండలెంతో చలికాలం పొద్దుటి చలి కూడా అంతే. మిద్దె మీద సింటెక్స్ ట్యాంకులో రాత్రంతా నిలబడ్డ నీళ్ళు తలమీద పోసుకునేలా ఉండవు. అందుకని ప్లాస్టిక్ బకెట్టు, అందులో 1500 వాట్ల హీటరు రాడ్డు. చాలా ఇళ్ళల్లో ఉన్న సరంజామానే.

నన్ను భయపెట్టింది చలి కాదు. అమ్మ పావుగంటకోసారి వచ్చి, స్విచ్ ఆపకుండా, నీళ్ళలో వేలు ముంచి చూస్తోంది. "అమ్మా, స్విచ్ ఆపి చూడు" అంటే, "ఇన్నేండ్లుగా చూస్తానే ఉండాను, ఏమైంది నాకు? కాగినాయో లేదో చెయ్యి పెట్టకుండా ఎట్ల తెలుస్తాది?" అంది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. రాడ్డు పైగొట్టం ఎక్కడైనా చిట్లి, ఎర్త్ సరిగ్గా లేకపోతే, ప్లాస్టిక్ బకెట్టులో నీళ్ళకి కరెంటు పాకినా బయటికి ఏమీ కనిపించదు. తడి నేల మీద నిలబడి వేలు ముంచినప్పుడే తెలుస్తుంది. కానీ "ముట్టుకోవద్దు" అని ఊరికే చెప్తే ఎవరు వింటారు? ఎన్ని నిమిషాలకి కాగుతాయో కచ్చితంగా చెప్పగలిగితే, అప్పుడు వింటారు.

లెక్క హైస్కూల్లో చదువుకున్నదే. లీటరు నీళ్ళని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి సుమారు 4186 జౌళ్ళు కావాలి. వాటు అంటే సెకనుకో జౌలు. నిమిషాల్లోకి మార్చి కాస్త సర్దితే గుర్తుంచుకోవడానికి తేలికైన సూత్రం వస్తుంది:

```
t = 70 × L × ΔT ÷ W
```

t నిమిషాలు, L లీటర్లు, ΔT ఎన్ని డిగ్రీలు పెరగాలో, W వాట్లు. అంతే.

బకెట్టు మీద 20 లీటర్లని ఉంటుంది గానీ అంచుదాకా నింపం కదా. లీటరు సీసాతో కొలిచి పోస్తే మేం నింపే గీత దగ్గర 18 లీటర్లు తేలింది. పొద్దున నీళ్ళు 20 డిగ్రీలు, స్నానానికి 42 చాలు. అంటే 22 డిగ్రీలు పెరగాలి. 70 × 18 × 22 అంటే 27720, దాన్ని 1500తో భాగిస్తే పద్దెనిమిదిన్నర నిమిషాలు. గొప్పగా ప్రకటించేశాను. పద్దెనిమిదిన్నర నిమిషాలకి స్విచ్ ఆపి, చెంబుతో కలిపి చూస్తే నీళ్ళు గోరువెచ్చగా కూడా సరిగ్గా లేవు. అమ్మ నవ్విన నవ్వు ప్రొడక్షన్‌లో బగ్ వచ్చినప్పుడు టెస్టర్ నవ్వినట్టే ఉంది :) మళ్ళీ ఆన్ చేసి 42కి తీసుకొచ్చేసరికి రాడ్డు పనిచేసింది మొత్తం అరగంట.

"రాడ్డు పాతదైంది, సున్నం పట్టింది, అందుకే" అన్నాడు నాయన. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, రాడ్డు మీద తెల్లటి పొర అంగుళం మిగలకుండా ఉన్న మాట నిజం. కానీ ఈ మాట నేను ఒప్పుకోను. రాడ్డు లోపలి తీగ ఎంత కరెంటు లాక్కుంటే అంత వేడి పుడుతుంది, ఆ వేడి ఎటూ పోలేదు, చివరికి నీళ్ళలోకే రావాలి. సున్నం పొర అడ్డుంటే లోపలి తీగ ఇంకా వేడెక్కి తొందరగా కాలిపోతుంది, రాడ్డు ఆయుష్షు తగ్గుతుంది. కాగే టైము మాత్రం పెద్దగా మారదు.

మరి తేడా ఎక్కడుంది? కరెంటు మీటర్ దగ్గరికెళ్ళాను. మీటర్ మీద ఒక ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది చూడండి, దాని పక్కనే ఒక అంకె ఉంటుంది. మా మీటర్ మీద 3200 imp/kWh అని ఉంది. అంటే 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో ఫ్రిజ్జుతో సహా అన్నీ ఆపేసి, రాడ్డు ఒక్కటే పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టాను. 1500 వాట్లు నిజంగా లాగుతుంటే నిమిషానికి 80 రావాలి. వచ్చినవి 52. మా మీటర్‌కి ఒక్కో మిణుకు 18.75 వాట్లు, కాబట్టి 975 వాట్లు. ఇప్పుడు 27720ని 975తో భాగిస్తే ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు. మిగిలిన నిమిషంన్నర నీళ్ళ పైనుంచి ఆవిరిగా, బకెట్టు గోడల్లోంచి పోయిన వేడి, నేను మధ్యలో ఆపి కలిపినప్పటిది.

రాడ్డు మీద రాసిన 1500 అబద్ధం కాదు. అది 230 వోల్టులు ఉంటే. రాడ్డు ఒక మామూలు రెసిస్టరు, దాని పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. మా ఇల్లు లైను చివర్లో ఉంది. తర్వాత ఫ్రిజ్జు స్టెబిలైజర్ ఆన్ చేసి చూస్తే, రాడ్డు ఆపి ఉన్నప్పుడు 194, ఆన్ చెయ్యగానే 185. వోల్టేజి 230 నుంచి 185కి తగ్గితే తగ్గింది ఐదో వంతేగా అనిపిస్తుంది. కానీ వర్గం కాబట్టి పవర్ మూడో వంతుకు పైనే పడిపోయింది.

ఇక్కడ నాకో తెలివైన ఆలోచన వచ్చింది, 2000 వాట్ల రాడ్డు కొనేద్దామని. "బిల్లు రెండింతలైతాది" అన్నాడు నాయన. అది తప్పు. 18 లీటర్లని 22 డిగ్రీలు పెంచడానికి ఏ రాడ్డైనా దాదాపు 0.46 యూనిట్టే, తొందరగా కాగితే ఇంకా కాస్త తక్కువే. అయితే నా ఆలోచన కూడా అంత గొప్పదేం కాదు. పెద్ద రాడ్డు ఎక్కువ కరెంటు లాగుతుంది, లైన్లో వోల్టేజి ఇంకొంచెం పడుతుంది. లెక్కేస్తే 1255 వాట్ల దగ్గర ఆగి, 22 నిమిషాలు పట్టేట్టుంది. ఆరు నిమిషాల కోసం ఏం పణంగా పెడుతున్నామో ప్లగ్గు పీకి చూస్తే తెలిసింది. చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టులు వచ్చిన రోజు 1500 వాట్ల రాడ్డే ఆరున్నర లాగుతుంది, 2000దైతే 8.7. సాకెట్టు రంధ్రాల చుట్టూ అప్పటికే గోధుమరంగు తిరిగి ఉంది. రాడ్డు డబ్బులతో 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగ్గ వైరు, సరైన ఎర్త్ వేయించి, షాక్ కొడితే కరెంటు కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను.

ఆన్‌సైట్ వెళ్ళినవాళ్ళు "అమెరికాలో కెటిల్ ఇంత నిదానమేంటి" అని సణిగేది కూడా ఈ సూత్రంలోనే దొరుకుతుంది. అక్కడి మామూలు సాకెట్టు 120 వోల్టులది, కెటిల్ సాధారణంగా 1500 వాట్లు దాటదు. లండన్లో 3000 వాట్లది మామూలు. 20 డిగ్రీల నీళ్ళు లీటరు మరిగించడానికి ఒకచోట నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ, ఇంకోచోట రెండుకు కాస్త తక్కువ.

ఒక్క జాగ్రత్త. సూత్రం చెప్పేది మొత్తం బకెట్టు సగటు వేడి. రాడ్డు కొన కింద ఉన్న నీళ్ళు చల్లగానే ఉంటాయి, పైనవి చుర్రుమంటాయి. అంటే అమ్మ ఇన్నేళ్ళుగా వేలు పెట్టి చూసింది పై నీళ్ళనే! స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీశాక చెంబుతో కలపాలి.

ఇప్పుడు బాత్‌రూము తలుపు మీద కాగితం ఉంది: "గీత దాకా నీళ్ళు, 28 నిమిషాలు". ఫోన్లో అలారం పెట్టిచ్చాను. మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగితే, "పొద్దున కరెంటు బాగుండింది, 20కే ఆపేసినా" అంది. ఎలా తెలిసిందమ్మా అంటే, నాయన మీటర్ దగ్గర నిలబడి లెక్కపెట్టాడట. 74 వచ్చిందట.