ఏ ఉత్తరం ఎవరింటికి?

విడిదిల్లు దొరకడం ఎంత కష్టమో ఆడపెళ్లివారిని అడగాలి. మాకు తెలిసిన ఒక కుర్రాడి చెల్లెలి పెళ్లికి మాత్రం రెండిళ్లు దొరికాయి. పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు గారు తమ కింది వాటా ఇచ్చారు. అందులో పట్టనివాళ్లను మేనత్త తన ఇంట్లో దించుకుంది. ఇద్దరూ చేసిన సాయం ఒకటే. పెళ్లయ్యాక ఆ అబ్బాయి ఒకే కృతజ్ఞతను రెండు రకాలుగా రాసి, ఏది ఎవరికి పంపాలో చెప్పమని నా ముందు పెట్టాడు.

మొదటిది ఇలా ఉంది: "మా చెల్లెలి పెళ్లికి మీ ఇల్లు రెండు రోజులు విడిదికి ఇచ్చి మాకెంతో ఉపకారం చేశారు. మగపెళ్లివారు చాలా సౌకర్యంగా ఉందన్నారు. వస్తువులేవైనా పాడై ఉంటే దయచేసి చెప్పండి, వెంటనే బాగు చేయిస్తాం. మా కుటుంబమంతా మీకు కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాం."

రెండోది: "మీ ఇంట్లో దిగినవాళ్లు ఇంకా మీ కాఫీ గురించే చెప్పుకుంటున్నారు. ఆ రెండు రాత్రులూ మీరు సరిగ్గా పడుకోలేదని ఎవరూ చెప్పకపోయినా నాకు తెలుసు. మీ గంగాళం మా సామాన్లలో వచ్చేసింది. శనివారం పట్టుకొస్తా. ఆ పూట భోజనం అక్కడే."

రెండింటిలోనూ 'మీరు' అనే ఉంది కాబట్టి మర్యాద చూసి తేల్చడం కుదరదు. వాళ్లింట్లో మేనత్తనీ 'మీరు' అనే అంటారు. మన ఇళ్లలో ఆ పిలుపు వయసునీ వరసనీ చెబుతుందే తప్ప, చనువు ఎంతుందో చెప్పదు. పొడుగూ కొలత కాదు. ఇవి రెండూ ఇంచుమించు ఒకే నిడివి.

నేను చూసేది మరొకటి. ఈ ఉత్తరం మూడో మనిషి చేతిలో పడితే అర్థమవుతుందా? మొదటిది ఎవరు చదివినా తెలుస్తుంది: ఏ పనికి, ఎన్నాళ్లు, ఏమిచ్చారు, అన్నీ ఉన్నాయి. మాస్టారు దాన్ని తన కొడుక్కి చూపించుకోవచ్చు. రెండోదాంట్లో పెళ్లి ఊసే లేదు. ఆవిడకు తెలిసినదాన్ని మళ్లీ చెప్పడమెందుకని వదిలేశాడు. ఆ వదిలేయడమే చనువు.

అంతకన్నా గట్టి పరీక్ష కావాలంటే ఒక్క వాక్యాన్ని అటుదిటు మార్చి చూడండి. "పాడై ఉంటే చెప్పండి, బాగు చేయిస్తాం" అన్నది మాస్టారికి అవసరం. ఆయన తనంతట తాను అడగలేడు, అడిగితే బాగుండదని ఊరుకుంటాడు. మనమే అంటే ఆయనకు దారి దొరుకుతుంది. అదే మాట మేనత్తకు రాస్తే, "నా దగ్గర లెక్కలు చూస్తున్నాడా!" అని అన్నయ్యకు ఫోను చేస్తుంది. అలాగే "ఆ పూట భోజనం అక్కడే" అన్నది మాస్టారికి పంపితే, సాయం చేసిన పాపానికి ఇంకో సాయం నెత్తిన పెట్టినట్టు. మేనత్తకు మాత్రం అసలు కృతజ్ఞత అదే. బాకీ తీర్చేసి తప్పుకోవడం లేదు, మళ్లీ ఆవిడ చేతి అన్నం తింటానంటున్నాడు. మొదటి ఉత్తరం లెక్క ముగించాలి, రెండోది ముగించకూడదు.

చెప్పొచ్చేదేమంటే, ఆ కుర్రాడు మొదటి ఉత్తరం చివర "మీ ఋణం ఈ జన్మలో తీర్చుకోలేం" అని కూడా రాశాడు. మాస్టారికి గొప్పగా ఉంటుందనుకున్నాడట. కొట్టేయించాను. రెండు రోజులు ఇల్లిచ్చిన పెద్దమనిషికి జన్మ ఋణం అంటగడితే ఆయన ఏం జవాబివ్వాలి? "అంత మాటెందుకు నాయనా" అని ఇబ్బందిగా నవ్వాలి. మేనత్తకైతే అది సినిమా డైలాగు.

పొరపాటున ఉత్తరాలు తారుమారైతే ఏది ఎక్కువ నష్టం? నన్నడిగితే మేనత్త చేతికి మొదటిది వెళ్లడమే. కాఫీ ఉత్తరం చూసి మాస్టారు కుర్రతనం అనుకుని ఊరుకుంటారు. "మా కుటుంబమంతా" అన్న మాట చూసిన మేనత్త మాత్రం, తను ఆ కుటుంబంలో లేదా అని ఆలోచిస్తుంది.

చుట్టమైతే దగ్గర, కాకపోతే దూరం అనే లెక్క కూడా అన్నివేళలా నిలవదు. ఇదే పెళ్లిలో పెళ్లికొడుకు తండ్రి వంటవాళ్ల కోసం తన వ్యాను పంపాడు. వియ్యంకుడంటే బంధువే, కానీ ఆయన దగ్గర చనువు పనికిరాదు. ఆయనకు మొదటి ఉత్తరం లాంటిదే పంపాలి. అందులోనూ బాగు చేయిస్తామన్న వాక్యం తీసేయాలి. డబ్బు సంగతి ఎత్తితే వియ్యాలవారి మధ్య మాట పడుతుంది. డీజిలు మాత్రం ట్యాంకు నిండా పోయించి, ఆ సంగతి ఉత్తరంలో రాయకుండా, వ్యాను తిప్పి పంపమన్నాను.